లేబుల్ కుట్టే మనిషి

అమర్‌నాథ్ సారుకు తన ప్రశ్నలంటే మహా మురిపెం. బిజినెస్ ఎథిక్స్ క్లాసుకు ఏ కేసు రాసినా చివర నాలుగు ప్రశ్నలు పెట్టి, వాటిని తనే ఒకసారి పైకి చదువుకుని, మీసం దువ్వుకున్నంత పని చేసేవాడు. 2004లో, తిరుపతిలో నేను ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్న రోజులవి. ఒకనాడు ఆయన పంచిన జిరాక్స్ కాగితం మీద ఊరి పేరును రెండుసార్లు చదివాను. నగరి. మా ఊరు.

కేసు ఇదీ. నగరిలో ఒక పవర్‌లూమ్ షెడ్డు యజమానికి చెన్నైలోని పెద్ద బట్టల దుకాణం తువ్వాళ్ల ఆర్డరు ఇచ్చింది. నేసేది కరెంటు మగ్గం మీదే. కానీ ప్రతి తువ్వాలు అంచుకూ 'చేనేత' అన్న లేబుల్ కుట్టి పంపాలి. లేబుళ్లు కూడా దుకాణం వాళ్లే ఇస్తారు. కాదంటే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది, ఇరవై మంది పనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. కింద ప్రశ్నలు. ఈ నిర్ణయం వల్ల ఎవరెవరికి లాభం, ఎవరెవరికి నష్టం? యజమాని ముందున్న దారులేమిటి? కొనే దుకాణానికి నిజం తెలిసినప్పుడు ఇది మోసం అవుతుందా? యజమాని స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

సారు ఈ కథ ఎక్కడ పట్టుకొచ్చాడో నాకు తెలియదు. మా ఇంట్లో జరిగింది మాత్రం అచ్చం ఇదే. జయరామయ్య షెడ్డులో తువ్వాళ్ల అంచులు మడిచి మిషను మీద కుట్టే పని మా అమ్మ మునెమ్మది. ఒకరోజు లేబుళ్ల కట్ట తెచ్చి ముందు పెడితే, "నేను కుట్టను" అని లేచి వచ్చేసింది. ఆ పని పోయింది. నాకప్పుడు పదిహేడేళ్లు, ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసై ఉన్నాను. డిగ్రీలో చేరాల్సిన ఏడాదంతా ఇంట్లో కూర్చుని కూలికి మగ్గాల నూలు కండెలు చుట్టాను. ఆ ఏడాది మా అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ కోపం ఎంబీఏ దాకా నాతోపాటే బస్సెక్కి వచ్చింది.

సారు క్లాసును రెండు జట్లు చేశాడు. "ఇటువైపు వాళ్లు కుట్టొచ్చని వాదించండి. అటువైపు వాళ్లు కూడదని. సొంత అభిప్రాయాలు నాలుగో ప్రశ్న దాకా దాచుకోండి" అన్నాడు. నేను కుట్టొచ్చనే జట్టులో పడ్డాను. నోరున్న పిల్లనని పెత్తనం కూడా నాకే ఇచ్చారు.

అవతలి జట్టుకు వంశీ. చిత్తూరు కుర్రాడు, చొక్కా ఇస్త్రీ నలగకుండా మాట్లాడతాడు. "రేపు ఇది పేపర్లో వస్తే ఆ యజమాని తలెత్తుకుని తిరగ్గలడా? తప్పొప్పులు తేల్చుకోడానికి మనం నేర్చుకున్న పరీక్షే కదా ఇది" అన్నాడు.

"పేపర్లో ఎందుకొస్తాది వంశీ? ఊరంతటికీ తెలిసిన రహస్యం అది" అన్నాను.

"చేనేతవాళ్ల కడుపు కొట్టినట్టు కాదా?"

"కొట్టేది ఎవురు? లేబుల్ అచ్చేయించింది దుకాణపోళ్లు. ఈయన కాదంటే పక్క షెడ్డాయన కుడతాడు. అబద్ధమేమీ ఆగదు. ఈడ ఇరవై ఇండ్లల్లో మాత్రం పొయ్యి వెలగదు."

మా జట్టు బల్లలు చరిచింది. సారు నావైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ మాటలు నేను అప్పటికప్పుడు అల్లినవేం కావు. పదిహేడేళ్లప్పుడు మా అమ్మ మీద విసిరినవే, ఒక్కటీ మర్చిపోలేదు.

వంశీ నవ్వేసి చేతులెత్తేశాడు. "నిజమే సార్. ఇంత ఆర్డరును కాదన్న మనిషి ఉంటే, అంతకన్నా తెలివితక్కువ మనిషి ఉండడు."

క్లాసంతా నవ్వింది. గెలిచింది నేనే, కానీ ఆ నవ్వు నాకు చెంపమీద కొట్టినట్టే తగిలింది. అన్నేళ్లు మా అమ్మను నేను అన్నది కూడా ఆ మాటే. పరాయివాడి నోట వింటే ఒళ్లు మండింది.

బోర్డు మీద మొదటి ప్రశ్నకు జవాబు రాసి ఉంది. యజమాని, దుకాణం, కొనేవాళ్లు, పనివాళ్లు, చేనేతవాళ్లు, ప్రభుత్వం. గంటసేపు లేబుల్ కుట్టాలి, కుట్టకూడదు అని అరిచాం. కుట్టేది ఎవరని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు, సిగ్గు లేకుండా.

"చంద్రికా, ఇప్పుడు నీ సొంత మాట చెప్పు" అన్నాడు సారు.

"నాలుగో ప్రశ్న తప్పు సార్."

సారు మొహం ఎర్రబడింది. "ప్రశ్న తప్పెలా అవుతుంది?"

"యజమాని స్థానంలో ఉంటే ఏం చేస్తారని అడిగినారు. ఆయన సరేనన్నాడే అనుకోండి. మిషను కాడ కూర్చోని కుట్టే ఆయమ్మ కుట్టనంటే?"

"పనివాళ్లు అని రాశాం కదమ్మా. ఆమె అందులోనే ఉంది."

"నష్టపోయేవాళ్ల లెక్కలో రాసినారు సార్. ఔననో కాదనో చెప్పేవాళ్ల లెక్కలో రాయలే."

నేనే లేచి వెళ్లి చాక్‌పీసు తీసుకుని యజమాని పేరుకు పైన రాశాను: లేబుల్ కుట్టే మనిషి.

వంశీ ఊరుకోలేదు. "ఆమె కాదంటే ఇంకొకరు కుడతారు. ఏం మారింది?"

"ఏమీ మారలే. ఇంకొకామె కుట్టింది, లారీ చెన్నైకి పోయింది. కుట్టనన్న మనిషి ఒక మాట అనింది. 'మీ తాత మగ్గం గుంతలో కూర్చోని కాళ్లు వాచేదాకా నేసినాడు. ఆ లేబుల్ ఆయనది. యజమాని ఏమైనా చెప్పనీ, సూది కింద ఉండేది నా చెయ్యి' అనింది."

"నీకెట్లా తెలుసు?"

"ఆ తెలివితక్కువ మనిషి మా యమ్మ."

షెడ్డులో కూలికి కుట్టే మనిషి కూతురినని రెండేళ్లుగా ఆ క్లాసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాక చూస్తే నేనే అందరికన్నా ఎత్తుగా నిలబడి ఉన్నాను. మా అమ్మను చూసి అంత గర్వం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. వంశీ తల దించుకుని, "సారీ చంద్రికా" అన్నాడు. సారు బోర్డు మీది మాట చదివి, తన కాగితం మీద ఏదో కొట్టేశాడు.

మరుసటి వారం కొత్త జిరాక్స్ వచ్చింది. ప్రశ్నలు ఐదయ్యాయి. కొత్తది అన్నిటికన్నా పైనుంది. శనివారం దాన్ని మడిచి పెట్టుకుని నగరి బస్సెక్కాను.

అమ్మ ఇంటి ముందర మిషను పెట్టుకుని ఎవరిదో రవిక కుడుతోంది. క్లాసులో జరిగిందంతా చెప్పాను. "ఆ ఏడాది నీతో మాట్లాడలే గదమ్మా. తప్పు నాదే" అన్నాను.

"మాట్లాడకపోతే ఏమిలే. కండెలు మాత్రం బాగా చుట్టినావు" అంది దారం తెంపుతూ.

కాగితం తీసి, ఇంగ్లీషులో ఉన్న మొదటి ప్రశ్నను తెలుగులో చెప్పాను. "లేబుల్ కుట్టవలసిన మనిషికి కాదనే హక్కు ఉందా? ఆమె కాదంటే ఆ మాటకు విలువ ఎంత?"

అమ్మ మిషను ఆపింది. కాగితం తీసుకుని, చదవడం రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇది నా గురించేనా?"

"నీ గురించేమ్మా."

ఇంకోసారి చెప్పమంది. మళ్లీ చెప్పాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మిషను సొరుగులో దారపుండల పక్కన దాచింది.

"ప్రశ్న బాగుండాది. జవాబు నేనెప్పుడో చెప్పేసినా గదా, మీ సారును రాసుకోమను" అని మళ్లీ మిషను తొక్కింది.