పూతా, కోతా

వ్యవసాయశాఖ మైకు జీపు రామతీర్థంలో ఆగింది. ఆఫీసరు నరసింగరావు రాసిచ్చిన కాగితాన్ని అనౌన్సరు జగదీశ్వరి మైకులో చదివింది: "పెసరకు పూతకు ముందు మందు కొట్టాలి."

అసిరమ్మ అనే రైతు దగ్గరకొచ్చింది. "కోతకి ముందు కొట్టమన్నారు. ఏ మందమ్మా?"

మైకులో 'పూత' 'కోత'లా వినబడిందని జగదీశ్వరికి అర్థమైంది. కాగితంలో ఆ వాక్యం కొట్టేసింది.

"నేను సంతకం పెట్టింది మారుస్తావేటి? ఉన్నదే చదువు!" అన్నాడు జీపులో కూర్చున్న ఆఫీసరు.

"వాళ్లు వినేది ఒక్కసారే సార్. కోత ముందు కొడితే ఆ విషం పిల్లలు తింటారు. మెమో ఇచ్చుకోండి."

మళ్లీ మైకు అందుకుంది. "పెసర చేను మొగ్గ తొడగకముందే మందు కొట్టండి. కాయ కాశాక కొట్టొద్దు."

ఏం విన్నావని అసిరమ్మను అడిగింది.

"మొగ్గ రాకముందే కొట్టాల. కాయుంటే ముట్టకూడదు."

సాయంత్రం మెమో వచ్చింది. మర్నాడు భోగాపురంలోనూ జగదీశ్వరి తన వాక్యమే చదివింది.