మూడు నిమిషాల్లో మక్సూదా

వామన్‌రావు గారు గెస్టుహౌస్ వరండాలో కుర్చీ చూపించారు గానీ మక్సూదా కూర్చోలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి డాక్యుమెంటరీలు తీస్తారు. ఈసారి బొగ్గు గనుల దగ్గర పని చేసే ఆడవాళ్ల మీద సినిమా తీయబోతున్నారు. దానికి కెమెరా పట్టే మనిషి కావాలి. ఆ మాట చెవిన పడ్డ రోజే ఆమె గోదావరిఖని నుంచి బస్సెక్కి వచ్చేసింది.

"ఇద్దరు కెమెరామన్లు అడిగారమ్మా. ఒకాయనది హైదరాబాదు, ఇంకొకాయనది వరంగల్లు. వచ్చే శుక్రవారం మీ గోదావరిఖని క్లబ్బు హాల్లో వాళ్ల రీళ్లు చూస్తున్నాను. నువ్వు కూడా తీసుకురా. ఇంతవరకు తీసిన వాటిలోంచి ముక్కలు అతికించు. మూడు నిమిషాలు మించొద్దు."

"మూడేనా సార్?"

"ఎక్కువైతే నేనే ఆపమంటాను. నిజం చెప్పాలంటే మొదటి అర నిమిషంలోనే తెలిసిపోతుంది."

ఆమె తలాడించి మెట్లు దిగింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. తండ్రి గులాం అలీకి బజారులో ఫోటో స్టూడియో ఉంది. ఆయన చేతికి వణుకు వచ్చాక పదహారు మిల్లీమీటర్ల చేతి కెమెరా ఆమె చేతికి వచ్చింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే గదిలోకి మగ కెమెరామన్ పోలేడు, ఆమె పోగలదు. అలా మొదలైంది. తర్వాత కుట్టు సెంటర్ మీద చిన్న సినిమా, జాతర మీద ఒకటి, దవాఖాన వాళ్ల కోసం కాన్పుల వార్డు మీద ఒకటి, గని భద్రత మీద ఇంకొకటి. ఎవరూ జీతం ఇచ్చి పెట్టుకోలేదు. పని వచ్చినప్పుడు పని, రానప్పుడు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు.

సినిమాలన్నీ తీయించుకున్న వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. ఆమె దగ్గర మిగిలినవి కత్తిరించి పక్కన పెట్టిన ముక్కలు, దవాఖాన వాళ్లు వాడుకోమని ఇచ్చిన ఒక కాపీ. ఆ ముక్కల్ని ఏ సినిమాలోవో రాసి బిస్కెట్ డబ్బాల్లో దాచుకుంది.

మొదటి కూర్పు తండ్రి చెప్పినట్టే చేసింది. ముందు స్టూడియో పేరు బోర్డు. తర్వాత గోదావరి మీద పొద్దు పొడవడం. ఆ వెనక, పెళ్లిళ్లలో ఆడవాళ్ల ముఖాలున్న ముక్కలు తప్ప, ఏ ఏడు తీసింది ఆ ఏడు వరసలో అన్నీ. గులాం అలీ పక్కనే కూర్చుని, "ఇది తీసెయ్యకు బేటీ, ఇది కూడా మంచిగుంది," అంటూ ప్రతి ముక్కకీ అడ్డం పడ్డాడు. అతికించి చూస్తే పన్నెండు నిమిషాలైంది.

క్లబ్బులో ప్రొజెక్టర్ నడిపే సదయ్యను బతిమాలి, ఒక మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టించి వేయించింది. చూడ్డానికి పక్కింటి ఆడవాళ్లను, షిఫ్టు దిగి వచ్చిన నలుగురు కార్మికుల్ని పిలిచింది. తను మాత్రం తెరకు వీపు పెట్టి, వాళ్ల ముఖాలకేసి తిరిగి కూర్చుంది.

బోర్డు వచ్చినప్పుడు ఒకాయన బీడీ వెతుక్కున్నాడు. గోదావరి మీద పొద్దు పొడుస్తుంటే ఇద్దరు ఆడవాళ్లు ఉల్లిగడ్డల ధర మాట్లాడుకున్నారు. జాతర దాకా అదే తీరు. కాన్పుల వార్డులో అప్పుడే పుట్టిన బిడ్డ నర్సు వేలు పట్టుకున్నప్పుడు మాత్రం మాటలు ఆగాయి. అది వచ్చేసరికి ఏడు నిమిషాలు దాటింది.

"ఎట్లుంది కాకా?" అని ముందు వరసలో ఉన్న ముత్యాన్ని అడిగింది.

"మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు ముత్యం మొహమాటపడుతూ. "జర నిద్రొచ్చింది, పొద్దుగాల డ్యూటీ కదా."

ఇంటికి నడుస్తూ గులాం అలీ, "వాళ్లకేం తెలుసు కెమెరా సంగతి?" అన్నాడు.

"వాళ్లకు తెల్వనవసరం లేదు అబ్బాజాన్. చూడబుద్ధి కావాలె, అంతే. మొదట్ల నేను ఏం తీయగలనో చూపించకుండా బోర్డు చూపించిన. తప్పు నాది."

మర్నాడు కూర్పు మొత్తం విప్పేసింది. మూడు నిమిషాలంటే నూటెనిమిది అడుగుల ఫిల్ము. గోడకు తాడు కట్టి, ముక్కల్ని బట్టల క్లిప్పులతో వరసగా వేలాడదీసింది. బోర్డు పోయింది. పొద్దు పొడుపు పోయింది. అది ఎవరైనా తీయగలరు. ఒకేలాంటి షాట్లు రెండుంటే ఒకటి పీకేసింది. జాతరలో కెమెరా అటూ ఇటూ తిప్పిన షాటంటే ఆమెకు ప్రాణం. ఎండలో రెండు గంటలు నిలబడి తీసింది. కానీ దాన్లో చివరి నాలుగు సెకన్లే బాగున్నాయి. మిగిలింది కత్తిరించేటప్పుడు వేళ్లు కాసేపు ఆగాయి, తర్వాత కత్తిరించింది.

మొదటి షాటేదో ఆమెకు ముందునుంచీ తెలుసు. మూడేళ్ల కింద ఖాతూన్ బీ కూతురి పెళ్లిలో జల్వా ఘట్టం. పెళ్లికూతురు, పెళ్లికొడుకు మధ్య అద్దం పెట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పెళ్లికూతురు కళ్లెత్తి అద్దంలోకి చూసి, ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, పెదవి కొరుక్కుంది. మక్సూదా మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి తీసింది. పెళ్లి సినిమాలో పట్టక మిగిలిన ముక్క అది. అంత మంచి షాట్ తన జన్మలో ఇంకొకటి తీయలేదు.

అయితే ఆ గదిలోకి ఆమెను రానిచ్చింది ఒక మాట మీద: ఇది ఆడవాళ్లే చూస్తారు.

ఖాతూన్ బీ ఇంటికి పోయింది. చాయ్ తాగి సంగతి చెప్పింది. ఖాతూన్ కప్పు కింద పెట్టింది.

"మగోళ్లు చూస్తరా?"

"చూస్తరు ఖాలా. ఒక్కాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు."

"నువ్వు అడిగినవ్, అడగకుండ వెయ్యలే. అల్లా నీకు మేలు చేస్తడు. గానీ వద్దు బేటీ. అల్లుడికి తెలిస్తే పిల్ల నా ముఖం చూడది."

మక్సూదా సరేనంది. ఇంటికి వచ్చి ఆ ముక్కను తాడు మీది నుంచి తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది.

గులాం అలీ మంచం మీంచి లేచాడు. "పాగల్ అయినవా? ఆ పట్నపోళ్లకు ఈ పిల్ల ఎవరో తెలుస్తదా? అది పెడితే పని నీదే."

"పని నాదైతది అబ్బాజాన్. రేపు ఏ ఇంట్ల ఆడోళ్లు నన్ను లోపలికి రానిస్తరు?"

ఆయన మళ్లీ మంచం ఎక్కాడు. ఆమె అక్కడే కూర్చుని ఏడవలేదు. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. డబ్బాలన్నీ నేల మీద గుమ్మరించి, ఒక్కో ముక్కనూ కిటికీ వెలుగుకెత్తి భూతద్దంతో చూడసాగింది.

గని భద్రత సినిమా డబ్బాలో దొరికింది. బొగ్గులోంచి రాళ్లు ఏరే ఆడవాళ్ల షాట్. సారవ్వ అనే ఆమె వంగి రాయి ఎత్తి పక్కకు విసురుతుంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, ఊపిరి పీల్చుకుని, నేరుగా కెమెరాలోకి చూసి పకపకా నవ్వుతుంది. నల్లటి ముఖంలో తెల్లటి పళ్లు. ఆ సినిమా తీయించిన అధికారి, పని చేసే మనిషి కెమెరాను చూడకూడదని దాన్ని తీసేయించాడు. మక్సూదా దాన్ని చేత్తో తిప్పే చిన్న యంత్రంలో వేసి చూసింది. మళ్లీ చూసింది. రాయి ఎత్తడానికి ముందున్న నిదానపు భాగమంతా కోసేసింది. రాయి గాల్లోకి లేచే దగ్గర మొదలు, నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ముగింపు.

సాయంత్రం సారవ్వ ఇంటికి పోయి అడిగింది.

"నా మొకమా? సినిమలనా?" సారవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పెట్టు బిడ్డా. నేనేం దొంగతనం చేసిన్నా? మరి మాకు గూడ చూపియ్యాలె."

ఇప్పుడు వరస తనంతట తనే కుదిరింది. సారవ్వ నవ్వు తర్వాత బొగ్గు ఏరే చేతులు దగ్గరగా. ఆ నల్లటి చేతుల మీంచి నేరుగా గోరింట పెట్టించుకుంటున్న చేతులకు. పెళ్లిదే, కానీ ఎవరి ముఖమూ లేదు. ఆ షాట్‌కు ఖాతూన్ బీ కూడా ఒప్పుకుంది. తర్వాత కుట్టు మిషను, జాతరలో ఆ నాలుగు సెకన్లు, షిఫ్టు విడిచాక టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ వచ్చే ఆడవాళ్లు. బిడ్డ నర్సు వేలు పట్టుకునే షాట్ చివరికి దాచింది. ఆఖరున చూసింది మనసులో ఉంటుంది కాబట్టి, రెండో మంచి షాట్‌కి అదే చోటు. దాని తర్వాత ఒక్క క్షణం పేరు, ఊరు. చివరల మీది మందు పూత గీకి, ఫిల్ము అతికించే జిగురు పూసి, ఒక్కో అతుకూ లాగి చూసింది. కొలిస్తే మూడు నిమిషాలకు ఇంకా కొంచెం తక్కువే వచ్చింది.

శుక్రవారం హాల్లో మొదట వరంగల్లు ఆయన రీలు వేశారు. కోట, కోట మీద మబ్బులు. వామన్‌రావు గారు చాయ్ తాగుతూ, మధ్యలో పక్కాయనతో మాట్లాడుతూ చూశారు. హైదరాబాదు ఆయన రీలు గట్టిగానే ఉంది గానీ ఐదు నిమిషాలు దాటేసరికి వామన్‌రావు గారే చెయ్యెత్తి చాలన్నారు.

సదయ్య మక్సూదా రీలు ఎక్కించాడు. రాయి గాల్లోకి లేచింది. సారవ్వ తల తిప్పి నవ్వింది. వామన్‌రావు గారి చేతిలో కప్పు సాసర్‌కు చేరకుండా ఆగిపోయింది. బిడ్డ వేలు పట్టుకునేదాకా ఆయన పక్కకు చూడలేదు.

"వెనక్కి తిప్పి మొదటిది మళ్లీ వెయ్యవయ్యా," అన్నారు సదయ్యతో.

రెండోసారి చూశాక ఆమెవైపు తిరిగారు. "నువ్వు ఎక్కువ పెళ్లిళ్లే తీశావన్నారు. ఇందులో పెళ్లి అంటే చేతులే కనపడ్డాయి. ఎందుకమ్మా?"

"ముఖాలు తీసిన సార్. మంచి షాట్ ఉంది. వాళ్లు వద్దన్నరు, పెట్టలే."

"ఈ నవ్వే ఆమె?"

"అడిగిన. పెట్టు అన్నది."

ఆయన కప్పు కింద పెట్టారు. "వచ్చే సోమవారం నుంచి ఆరు వారాలు. కెమెరా పెద్దది, బరువు. మొయ్యగలవా?"

"మోస్త సార్. సినిమల నా పేరు పడాలె. సహాయకురాలని కాదు, కెమెరా అని."

పక్కాయన గొంతు సవరించుకున్నాడు. వామన్‌రావు గారు నుదురు రుద్దుకున్నారు. మక్సూదా కుర్చీలోంచి లేవలేదు, చూపూ దించలేదు.

"పడుతుంది," అన్నారు చివరికి.

సోమవారం పొద్దున కొత్త కెమెరా భుజానికెత్తుకుని బొగ్గు కుప్పల దగ్గరికి చేరేసరికి ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. లింగవ్వ అనే ఆమె ముఖం కడుక్కుని, కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది.

"అక్కా, గీ చీరతోని బొగ్గు ఏరుతవా?" అంది మక్సూదా.

"ఏరుత. సినిమ కదా?"

"రోజూ ఎట్లొస్తవో రేపట్నుంచి గట్లనే రా. ఇయ్యాలైతే గీ చీరలనే నిన్ను ముందుగాల తీస్త," అంటూ మక్సూదా నీడలో కూర్చుని ఫిల్ము ఎక్కించడం మొదలుపెట్టింది.