ముహూర్తం క్లిప్పు

ఛీ, ఆ పెళ్ళి పేరెత్తితే నాకు ఇప్పుడు గూడా నోటికి తిట్లే వస్తాయి.

నా పేరు తహసీన్. నంద్యాలలో సందీప్ అనే ఆయన స్టూడియోలో ఎడిటింగ్ చేస్తా. మా తమ్ముడు నయీమ్ అదే స్టూడియోకి పెళ్ళిళ్ళ వీడియోలు తీస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. వాడికి కెమెరా ఉంటే అన్నం గూడా అక్కర్లేదు. అట్లాంటోన్ని ఆళ్ళగడ్డలో, నిండు కల్యాణమండపంలో, చొక్కా విప్పించి వెతికినారు.

ఏం జరిగిందంటే, పెళ్ళికూతురు సుప్రజకు మేనమామ పుల్లయ్య బంగారు హారం పెడతానని అందరికీ చాటుకున్నాడు. ఆ హారం డబ్బా మంటపం పక్కన చిన్న బల్ల మీద పెట్టినారు. తాళి కట్టడం అయిపోయింది, చూస్తే డబ్బా లేదు. పుల్లయ్య గట్టిగా అరిచినాడు, "ఈడ ఇంతసేపూ నిలబడింది ఆ కెమెరావోడే!" అని. అంతే. ఇంకెవరన్నా ఆలోచిస్తారా? పేరు నయీమ్ అని తెల్సినంక ఇంక సాక్ష్యం ఏం కావాల వాళ్ళకు! రెక్క పట్టుకొని గదిలోకి ఈడ్చకపోయినారు. బ్యాగు కుమ్మరించినారు, జేబులు తిప్పినారు, బూట్లు విప్పించినారు. ఏం దొరకలా. దొరక్కపోతే తప్పైందప్పా అని వదిలిపెట్టాల గదా? లేదు. "హారం దొరికేదాంక కెమెరా మా దగ్గర ఉంటాది" అని పెట్టుకున్నారు. శుభమా అని పెళ్ళి జరుగుతాంటే పోలీసులు ఎందుకులే అని మళ్ళీ మనకే దయ చూపించినట్టు మాటలు!

ఇది చాలక, పుల్లయ్య ఆ పెళ్ళి వాట్సాప్ గ్రూపులో మా వాడి ఫోటో పెట్టి "ఈ దొంగను ఎవ్వరూ పిలవొద్దండి" అని రాసినాడు. గ్రూపులో ఉండేది సగం మంది నంద్యాల, బండి ఆత్మకూరు చుట్టాలే. ఇంక చూడు, ఎవరు ఫోన్ చేసినా "అమ్మా, వేరే అబ్బాయిని పంపించండి" అనేదే. వాడు ఇంట్లో గోడకు మొగం పెట్టి పండుకున్నాడు. లేపితే, "ఆపా, నేను తియ్యలేదు" అంటాడు. అక్కను మేం ఆపా అంటాం. నాకు తెల్దా రా? నాకు చెప్పి ఏం లాభం?

దొంగ ఎవరో చూడగలిగేది ఒకటే ఉంది. స్టాండు మీద పెట్టిన మా వాడి కెమెరా. మంటపం, పక్కన బల్ల, రెండూ దాంట్లో పడతాయి. కానీ వాణ్ణి ఈడ్చకపోయినంక దాన్ని చూసుకునే దిక్కు లేదు. ఒంటిగా రికార్డు చేస్తా చేస్తా బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది. మంచి బ్యాటరీ అయితే కెమెరా చివర్లో తనంతట తాను ఫైలు మూసుకొని ఆరిపోతాది. మా సందీప్ కొనింది ఉబ్బిపోయిన డూప్లికేట్ బ్యాటరీ. రూపాయి మిగిలితే పండగ ఆయనకు. అది దీపం ఊదినట్టు టక్కున ఆరిపోయింది.

కెమెరా ఇయ్యకపోయినా, కార్డు ఒక్కటి సందీప్ బతిమాలి తీసుకొచ్చినాడు. కంప్యూటర్‌లో పెడితే ఫైలు ఉంది, బరువు గూడా ఉంది, తెరుచుకోదు. సందీప్ దాని పేరు మార్చి చూసినాడు, కన్వర్ట్ కొట్టి చూసినాడు. చివరికి "పోయింది లేమ్మా, రేపు కొత్తపల్లెలో రిసెప్షన్ ఉంది, కార్డు ఫార్మాట్ కొట్టి ఇయ్యి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కార్డు పెరికి నా బ్యాగులో వేసుకున్నా. "దీని మీద ఒక్క ఫోటో తీసినా నీ స్టూడియోకి తాళం వేస్తా" అంటి. ముందు కార్డును ఉన్నదున్నట్టు కాపీ తీసి, కాపీ మీదనే పని మొదలుపెడ్తి.

కెమెరా రికార్డు చేసేటప్పుడు బొమ్మా, శబ్దమూ ముక్కలు ముక్కలుగా రాసుకుంటా పోతాది. ఏ ముక్క యాడ ఉంది, ఎంత పొడుగు, ఏది ముందు ఏది వెనక అనే వివరం మటుకు స్టాప్ నొక్కినంకనే చివర్లో రాస్తాది. స్టాప్ నొక్కలేదంటే సరుకంతా లోపలే ఉంటాది, ప్లేయర్‌కు మాత్రం ఏమీ అర్థం కాదు. డబ్బాల మీద పేర్లు లేని వంటింట్లోకి కొత్త కోడలు పోయినట్టు. దీనికి ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన మంచి క్లిప్పు ఒకటి పక్కన పెడితే, దాన్ని చూసి చెడిన ఫైలులో ముక్కలు గుర్తుపట్టి వివరం మళ్ళీ రాస్తాది.

ఆ మంచి క్లిప్పు దగ్గరనే తగులుకుంది. సందీప్ పిసినారితనం ఏందంటే, కార్డులు నిండకుండా పెళ్ళంతా ఫుల్ హెచ్‌డీలో తీయిస్తాడు, ఒక్క ముహూర్తం మటుకు దానికి నాలుగింతలు పెద్ద బొమ్మ పడే ఫోర్‌కేలో. కాబట్టి ఆ పెళ్ళిలో ఫోర్‌కే క్లిప్పు అదొక్కటే. మిగతావి పెట్టి చూస్తే అంతా పచ్చ గళ్ళు, గరగర శబ్దం. ఆ కెమెరా కొని వారమే, పాత పెళ్ళిళ్ళ క్లిప్పులూ లేవు. నంద్యాలలో తెల్సిన స్టూడియోలన్నీ అడిగినా, ఆ మోడల్ ఎవరి దగ్గరా లేదు. ఉన్నది ఒక్కటే. అది ఆళ్ళగడ్డలో పుల్లయ్య చేతిలో!

అప్పుడే సుప్రజ ఫోన్ చేసింది. "అక్కా, నా తాళి వీడియో ఏమన్నా వస్తాదా?" అని ఏడుస్తాంది. "వస్తాది. మీ మామ పట్టుకున్న కెమెరా ఒక రెండు నిమిషాలు నా చేతికిస్తే" అంటి.

ల్యాప్‌టాప్ సంకన పెట్టుకొని బస్సెక్కినా.

వాళ్ళ ఇంట్లో హాల్లో సుప్రజ, వాళ్ళమ్మ సరస్వతమ్మ, పుల్లయ్య ఉన్నారు. సరస్వతమ్మ అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. నాకు పేపరు గ్లాసులో. థూ! నేను ముట్టలా. పుల్లయ్య అయితే కెమెరా తేనీకే ఒప్పుకోలా.

"పోయిన బొమ్మ పోయిందిలేమ్మా. తాళి మెడలో ఉందా లేదా? ఇంకేంటికి దాని ఎంట పడతావ్?" అన్నాడు.

"మామా, ఇయ్యి" అనింది సుప్రజ.

"తమ్ముడు దొంగ, అక్క దొంగకాదా? ఏం మాయ చేసి పెడతాదో!"

"మాయ చేసేది నేను కాదులే పెద్దాయనా. నువ్వే ఎదురుగ్గా కూర్చొని చూడు" అంటి. గొణుక్కుంటా లోపలికి పోయి కెమెరా తెచ్చి నా ముందర పెట్టినాడు.

కొత్త బ్యాటరీ ఏసినా, కొత్త కార్డు పెట్టినా. మా వాడు పెట్టిన సెట్టింగ్ ఫోర్‌కే అట్లనే ఉంది. ఆ హాల్లోనే గోడ మీద దేవుని పటం పక్క తిప్పి రెండు నిమిషాలు తీసి, స్టాప్ నొక్కినా. సరస్వతమ్మ వెనక నుంచి "పటం దగ్గరికి పోవద్దమ్మా" అనింది. అది గూడా రికార్డు అయింది, అవనీ.

ఆ క్లిప్పు పక్కన పెట్టి ప్రోగ్రాం నడిపిస్తి. పెద్ద ఫైలు, మెల్లగా పోతాంది. పుల్లయ్య రెండు సార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చినాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంట, అప్పుడు నాకు ఆ మాట తట్టలేదు గానీ.

ఫైలు తెరుచుకుంది. సన్నాయి మోగింది. సుప్రజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తాళి బాగనే పడింది. గట్టిమేళం, అందరూ లేచి నిలబడి అక్షింతలు చల్లుతాండారు. అందరి కండ్లూ తాళి మీదనే. నా కండ్లు ఎడమ మూలన బల్ల మీద. ఒక తెల్ల చొక్కా వంగింది. డబ్బా తీసింది. పంచె కట్టులో దోపుకుంది. మళ్ళీ అదే చేత్తో గుప్పెడు అక్షింతలు తీసి పెళ్ళికూతురి నెత్తిన చల్లింది. తిరిగినాడు. పుల్లయ్య!

ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూపిస్తి.

"మామా?" అనింది సుప్రజ.

ఆయన పైపంచెతో మొగం తుడుచుకున్నాడు. "అది... గిల్టుదే అమ్మా. ఈ యేడు మిరప దెబ్బ కొట్టింది. మీ అత్తగారోళ్ళు గీకి చూస్తే నా పరువు ఏం గాను?"

"నీ పరువు కోసం మా వాడి చొక్కా విప్పిస్తివా?" అంటి. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గిల్టు హారం కోసం! నవ్వాల్నో, మొగాన ఉమ్మాల్నో తెలీలా.

ఇంక సరస్వతమ్మను చూడాల. అన్న చేసిన పనికి సిగ్గుపడతాదేమో అనుకుంటి. ఆమె నా పక్కకొచ్చి కూర్చొని, మెల్లగా, "అమ్మా, ఆ మూల కనపడకుండా దగ్గరికి లాగి పెట్టొచ్చు గదా? తాళి వరకు చాలు. ఇంటి మొగోడు, బయటికి పోతే బాగుండదు" అనింది. లోపలికి పోయి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి నా ముందర పెట్టింది.

పెట్టొచ్చు. ఫోర్‌కే కాబట్టి ఆ మాత్రం దగ్గరికి లాగినా బొమ్మ చెడదు, చిటికెలో పని. అదే నాకు మరీ అసహ్యం పుట్టించింది. ఆ గ్లాసును పక్కకు నెట్టినా.

వీడియో మటుకు ఆడతానే ఉంది. పుల్లయ్య అరిచేది వినపడింది, మా వాడి రెక్క పట్టుకొని ఈడ్చేది కనపడింది. అప్పుడు నయీమ్ గొంతు. నేను గూడా అదే మొదటిసారి వినడం.

"అన్నా, అన్నా, బ్యాటరీ ఎర్రగా కొడతాంది. ఒక్క స్టాప్ నొక్కి వస్తా. నొక్కకుంటే ఆ అక్క తాళి అంతా పోతాదన్నా! నొక్కి వస్తా, తర్వాత ఏమన్నా చేసుకోండి!"

ఎవరో చెంప మీద కొట్టిన శబ్దం. కొంచేపు ఖాళీ మంటపం. అంతటితో ఆగిపోయింది.

సుప్రజ లేచింది. కండ్లు తుడుచుకోలా. "అక్కా, కొయ్యొద్దు. శబ్దం గూడా తియ్యొద్దు. బల్ల కాడి నుంచి చివరిదాంక నా ఫోన్‌కి పంపియ్యి" అనింది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంటే విదిలిచ్చుకుంది. నేను చిన్నది చేసి పంపిస్తి. నా ముందరనే ఆ పెళ్ళి గ్రూపులో, మా వాడి ఫోటో పెట్టిన గ్రూపులోనే, పెట్టింది. కింద రాసింది: "హారం తీసింది మా మామ. నయీమ్ అన్న కాదు."

పుల్లయ్య ఫోన్ జేబులో టింగుమనింది. తీసి చూసుకున్నాడు, చెప్పులేసుకొని బయటికి పోయినాడు. కొంచేపటికి గ్రూపులో పుల్లయ్య బయటికి వెళ్ళిపోయినాడని వచ్చింది. మా వాడికి తప్పైందని ఒక్క మాట గూడా రాయలా, ముదనష్టపోడు.

కెమెరా బ్యాగులో పెట్టుకొని బస్టాండుకు వచ్చి నయీమ్‌కు ఫోన్ చేసినా. "రేయ్, ఫైలు తెరుచుకుంది. హారం తీసింది ఆ పుల్లయ్యే, అంతా పడింది. నీ పేరు కడిగేసింది ఆ పిల్ల, గ్రూపులో చూడు" అని గబగబా చెప్పినా.

నేను ఏడుస్తాడేమో అనుకుంటి.

"తాళి వచ్చిందా ఆపా?" అన్నాడు.

థూ, నీ మంచితనం తగలెయ్య, అని తిట్టినా వాణ్ణి. బస్టాండులో అందరూ చూస్తాండారు. "వచ్చింది రా, బాగనే వచ్చింది" అని చెప్పి, చెంగుతో మొగం కప్పుకొని బస్సు వచ్చేదాంక ఏడ్చినా.