గుంట చూడటం ఎవరి పని

రొయ్యల గుంటలో నీటికి గాలి పట్టించే ఏరేటర్ ఆగితే రైతు ఫోన్ మోగించే యాప్ మా కంపెనీది. ఇందుకూరుపేట హజరత్తయ్య ఫోన్ మాత్రం మోగడం లేదని ఫిర్యాదు వచ్చింది.

మా మేనేజర్ విజయభాస్కర్ గారు ప్రతి ఫిర్యాదునూ ఒక టికెట్‌గా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో రెండు రూల్స్ రాసి మురిసిపోతున్న రోజులవి. టికెట్ కింద రాసిన ఉపపని ఏ విభాగానిదైతే ఆ విభాగం మనిషికి దానంతటదే వెళుతుంది. ఉపపనులన్నీ పూర్తయితే అసలు టికెట్ మూతపడుతుంది. "చేత్తో ఎవురూ ఏమీ మార్చొద్దు" అన్నారు.

సర్వర్ పని మా ఆఫీసులోని టైటస్‌కు, యాప్ పని నాకు వచ్చాయి. ఇద్దరం ముగించాం. టికెట్ మూతపడింది. "మీ సమస్య తీరింది" అని రైతుకు మెసేజ్ కూడా వెళ్లింది.

మర్నాడు హజరత్తయ్య ఫోన్ చేశాడు.

"తీరిందని మీకెవురు చెప్పినారమ్మా? గుంట కాడికి ఒక్కరన్నా వచ్చి చూసినారా?"

గుంట చూడాలన్న ఉపపని మేమెవరం రాయలేదు. టికెట్ మళ్లీ తెరిచి అది చేర్చాను, విభాగం "ఫీల్డ్" అని పెట్టాను. ఆ విభాగానికి మనిషి లేడని సార్ ఎప్పుడో తన పేరే వేసుకున్నారు. రూల్ ఆ పనిని తిన్నగా ఆయనకే పంపింది.

"ఫేబీ, అది టైటస్‌కి మార్చు" అన్నారు నాతో.

"చేత్తో మార్చొద్దన్నది మీరే గదా సార్."

ఆయన తన తెల్ల బూట్లకేసి చూసుకున్నారు.

"ఆడ బురదుంటుందా?"