మంచాన్ని జర తగ్గియ్

మా మిర్యాలగూడలో ఉపేందర్ ఖాళీ గది ఫొటోలో మంచం వేస్తే, దాని కిందికి దూరబోయి ఒక పిల్లి కంప్యూటర్ తెరకు తల గుద్దుకున్నదట. గుద్దుకోంగ నేను సూడలేదు గానీ, పిల్లి బొప్పిని సూసిన.

కిరాయికిచ్చే ఖాళీ ఇండ్లల్ల సామాన్లు ఉన్నట్టు ఫొటోలు చేసుడు అతని పని. ముందు నేల బండలు సూస్తడు. బండ రెండడుగులైతే, దాన్ని బట్టి మంచం ఎంతుండాల్నో తేలుతది. మంచం కోళ్లు నాలుగూ నేలకు ఆనాలె. ఆనిన కాడ నీడ నల్లగ, దూరం పోయినకొద్దీ పలచగ ఉండాలె. కిటికీ ఎడమనుంటే నీడ కుడికి పడాలె. ఇవి తప్పితే మంచం గాల్లో తేలుతది.

ఇంటి ఓనరు కృష్ణమూర్తి వెనక పోర్షన్ ఫొటో తెచ్చిండు. గది వెడల్పు మూడు బండలే. ఇద్దరు పండే మంచం రెండు బండలు తినేసింది. పక్కన ఒక్క బండ మిగిలింది.

"ఇది రూమా, శవాల పెట్టెనా? మంచాన్ని జర తగ్గియ్."

"కొలత తప్పుతది సార్."

"తప్పనీ. నీ మంచం మీద ఎవడన్న పండుకుంటడా?"

ఉపేందర్ నవ్విండు. మంచాన్ని బండన్నరకు కుదించి, కోళ్లను మళ్లా నేలకు ఆనిచ్చి, నీడలు కొత్తగ దిద్దిండు. గది పెద్దగయింది.

ఫొటో కిందున్న ఉపేందర్ నంబరుకు వేములపల్లి నుంచి తిరుపతమ్మ ఫోన్ చేసింది. మొగుడు ఈదయ్యకు పక్షవాతం. దవాఖానకు దగ్గర్ల గది కావాలె. ఆయన్ని ఒక్కన్నే ఇడిసి గది సూడనీకి రాలేదు, ఫొటోనే సూసింది.

"బిడ్డా, మాది గసుంటి మంచమే. పక్కన సక్రాల కుర్సీ పడతదా? ఆయన్ని అండ్లకు దింపాలె."

పక్కనున్న కృష్ణమూర్తి కన్నుకొట్టిండు.

"పడతదమ్మా. కుర్చీని బొంగరం లెక్క తిప్పొచ్చు," అన్నడు ఉపేందర్.

ఉన్న ఇల్లు ఖాళీ చేసి సామాన్లతోటి వచ్చిన్రు. మంచం వేసినంక కుర్చీ దాని పక్కన దూరలేదు. సక్రం గోడను గీకి ఆగింది. తిరుపతమ్మ ఒకసారి ఫొటోను, ఒకసారి గదిని సూసింది.

"మంచం గదే. జాగా ఏమయింది సారూ?"

"ఫొటోలో సామాన్లు ఉత్తుత్తియని కింద రాసున్నది గద. లేకుంటే మీ ఆయన్నే సగం కోసి పెట్టుకో," అన్నడు కృష్ణమూర్తి.

మంచం కాడికి కుర్చీ పోదు, కింద పండబెడితే ఆమె ఒక్కతి లేపలేదు. అందుకే ఈదయ్య ఇంటి ముందటి వరండల కుర్చీలనే ఉన్నడు, నిద్ర గూడ అండ్లనే. కాళ్లు వాచి గుమ్మడికాయలైనయ్.

పై పోర్షన్ ఖాళీ అయితే కృష్ణమూర్తి మళ్లా ఉపేందర్‌ను పిలిచిండు. "ఇల్లు ముందటికెల్లి తియ్. ఆ కుర్చీలోడు మాత్రం పడొద్దు."

"పడనీ సార్. తర్వాత తుడిచేస్త. మనిషిని, కుర్చీని, కింద నీడను."

ఈదయ్యకు కెమెరా ఒక్కటే కనిపించింది. "జర ఆగు బిడ్డా," అని ఆడే ఒక్క చేత్తోటి కాలరు గుండీ పెట్టుకునుడు మొదలువెట్టిండు.

ఉపేందర్ ఆగిండు. గుండీ పడ్డంక, "నవ్వు తాతా," అని ఫొటో తీసిండు.