కామా తర్వాత ఖాళీ

ఉప్పెన వచ్చి రెండేళ్ళు గడిచేసరికి దివిసీమను ఉద్ధరించే కమిటీలకు లోటు లేకుండా పోయింది. బెజవాడ గవర్నరుపేటలో ఉన్న ఒక కమిటీకి మాత్రం మిగతావాటికి లేని భాగ్యం ఒకటి పట్టింది. విదేశీ దాతలు దానికొక కంప్యూటర్ పంపారు. యంత్రానికి వేడి పనికిరాదని కార్యదర్శి శౌరయ్యగారు వరండాలో ఉన్న ఒక్క గోడ ఫ్యానునూ పీకించి దాని నెత్తిన పెట్టించారు. సాయం కోసం వచ్చిన జాలర్లు వరండాలో తువ్వాళ్ళతో విసురుకునేవాళ్ళు, యంత్రం లోపల చల్లగా ఉండేది.

దాన్ని నడిపేది మార్త. టైపు హయ్యర్ ప్యాసై, మద్రాసులో బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని వచ్చింది. ఆఫీసులో తనకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదని ఆమె నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. టైపులో తనకు తప్పు రాదన్నది రెండో నమ్మకం. కామా తర్వాత ఒక ఖాళీ, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు. ఇనిస్టిట్యూట్ మాస్టారు స్కేలుతో వేళ్ళమీద కొట్టి నేర్పిన ఆ మర్యాదను ఆమె నిద్రలో కూడా తప్పేది కాదు.

ఆ నెల నైలాన్ వలలు పంచాలి. సముద్రం మీదికి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక వల ఇవ్వాలనీ, ఆ మనిషి పేరు ప్రభుత్వం రాసిన ఊరి రిజిస్టరులో ఉండి తీరాలనీ దాతల షరతు. ఊళ్ళ నుంచి వచ్చిన కాగితాలు మాత్రం పడవకొక వరసగా ఉన్నాయి. పడవ నంబరు, దాని పక్క గడిలో మనుషుల పేర్లన్నీ కామాలతో. ముందు పడవ యజమాని పేరు, తర్వాత పనివాళ్ళవి. యజమాని కంటే ముందు ఇంకొకరి పేరు రాస్తే ఆ పడవ ఆ రోజు ఒడ్డు దాటదు, అంత పట్టింపు. మార్త ఆ గడులను ఉన్నవున్నట్టుగా, ఊరి రిజిస్టరును వరసకొక పేరుగా, ఇంగ్లీషులో యంత్రంలోకి టైపు చేసింది.

ఒక గడిలో గుంపుగా ఉన్న పేర్లను విడదీసి, పేరుకొక వరస చేయాలి. మార్తకు అది చిటికెలో పని. గడిలో ఉన్నదాన్ని మొత్తం చదివించి, చివరి పేరు మిగిలిపోకుండా కొసన ఒక కామా తగిలించింది. తర్వాత ఒక్కో అక్షరమే చూసుకుంటూ పోయి, కామా కనబడగానే అక్కడిదాకా ఉన్న ముక్కను కోసి, పడవ నంబరుతో కలిపి కొత్త వరసగా రాయించింది. కామా దాటి మళ్ళీ వెతుకులాట. పేర్లు చక్కగా విడిపోయాయి. వాటిని ఊరి రిజిస్టరుతో పోల్చమని చెప్పి కాఫీకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ప్రింటర్ దగ్గర శౌరయ్యగారు పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు. ప్రతి పడవకూ మొదటి పేరు 'ఉంది', మిగతావన్నీ 'లేదు'.

"చూశావా మార్తా! అన్నీ దొంగపేర్లే. వలకి ఆశపడి లేని మనుషుల్ని పుట్టించారు. నేను ముందునుంచీ అంటూనే ఉన్నా!"

ఆయన అలా ముందునుంచీ అన్న మాటలు చాలా ఉన్నాయి, నిజమైనది ఒక్కటీ లేదు. కానీ యంత్రం చెప్పింది కదా. మార్త కూడా తలూపింది. తన ప్రోగ్రాం తప్పంటే ఒప్పుకునే రకం కాదు. మోసం బయటపెట్టిన ఘనతను వర్ణిస్తూ దాతలకు ఉత్తరం తయారైంది. మర్నాడు సాయంత్రం టపాలో అది వెళ్తుంది, యజమానుల వలలతో లారీ కదులుతుంది, మిగతా వలలు దాతలకు వెనక్కి పోతాయి.

మర్నాడు మధ్యాహ్నం కాశీరావు లోపలికొచ్చాడు. పేరయ్య పడవలో పనివాడు. రాత్రి కబురు తెలిసి తెల్లారకుండానే బస్సెక్కి, కూచిపూడి మీదుగా వచ్చి, పొద్దుటి నుంచి వరండాలో నుంచుని ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో వల ఉన్నవాడికి చేపల పంపకంలో ఒక పాలు ఎక్కువ. ఉప్పెనలో వలతోపాటు ఆ పాలు కూడా పోయింది.

"మా పేర్లు లేవన్నారంటండి," అన్నాడు మార్తతో.

"రిజిస్టరులో లేవు. కంప్యూటర్ చూసింది," అంది, దేవుడే చూశాడన్నట్టు.

"మరి పేరయ్యగారు ఉన్నారంటండి?"

"ఉన్నాడు."

"అన్ని పడవల్లోనూ కామందులు ఉన్నారు, పనోళ్ళం మాత్రం లేమా? అయితే పడవల్ని సముద్రంలోకి ఎవరు నెడుతున్నారండి? ఉప్పెనప్పుడూ ఇంతేనండి. నన్ను చచ్చినోళ్ళలో రాశారు. బతికున్నానని మూడు ఆఫీసులు తిరిగి రిజిస్టర్లో ఎక్కించుకున్నా. మళ్ళీ తిరగమంటారా?"

మార్తకు చురుక్కుమంది. మొదటివాళ్ళందరూ నిజం, తర్వాతివాళ్ళందరూ అబద్ధం. అంత క్రమశిక్షణతో మోసం చేసే ఊరు ఎక్కడుంటుంది? కాశీరావు పేరు ఎంత పొడవో చెప్పమని యంత్రాన్ని అడిగింది. ఇంగ్లీషులో ఏడక్షరాలు. యంత్రం ఎనిమిది అంది. ఆ ఎనిమిదోది ఏమిటో చూద్దామని పేరుకు అటూ ఇటూ చుక్కలు పెట్టి అచ్చేయించింది. మొదటి చుక్కకూ పేరుకూ మధ్య ఖాళీ.

ఆమె మర్యాదే. కామా తర్వాత ఒక ఖాళీ. కామా దగ్గర కోసినప్పుడు ఆ ఖాళీ తర్వాతి పేరును పట్టుకుని వచ్చేసింది. యజమాని పేరుకు ముందు కామా లేదు కాబట్టి ఆయన శుభ్రంగా ఉన్నాడు. కంటికి ఆ ఖాళీ ఏమీ కాదు. యంత్రానికి మాత్రం అదీ ఒక అక్షరమే, ఖాళీ ఉన్న కాశీరావు వేరు, లేని కాశీరావు వేరు. మార్త చెవులు ఎర్రబడ్డాయి. తన అందమైన టైపు ఇన్ని కుటుంబాల నోట్లో మట్టి కొట్టబోయిందని సిగ్గుతో కుంగిపోయింది.

ఖాళీలన్నీ తీసేస్తే సరిపోతుందనుకుంది మొదట. అలా చేస్తే 'పెద్ద కొండయ్య' ఒకే ముద్దయిపోయి, ఈసారి అతను లేకుండా పోతాడు. అందుకని పేరు మొదటి అక్షరం ఖాళీ అయినంతసేపూ దాన్ని కోసేయమంది, చివరి అక్షరం ఖాళీ అయినంతసేపూ దాన్నీ కోసేయమంది, మధ్యది ముట్టుకోవద్దంది. ఏమీ మిగలని ముక్కను వదిలేయమంది. ప్రోగ్రాంలో నాలుగైదు వరసల పని.

శౌరయ్యగారికి చెబితే ఆయన కొట్టిపారేశారు.

"ఖాళీ ఏంటమ్మా, ఖాళీ! ఉత్తరం టైపయిపోయింది. కంప్యూటర్ అబద్ధం చెప్పదని నేనే రాశాను."

మార్త వాదించలేదు. పాత ప్రోగ్రామునే పెట్టి, కమిటీ సభ్యుల పేర్లను ఒకే గడిలో, తన అలవాటు చొప్పున టైపు చేసింది. మరియదాసు, శౌరయ్య, ఆమోసు. మరియదాసుగారు అధ్యక్షులు కనుక ఆయనే ముందు. కమిటీ రిజిస్టరుతో పోల్చమంది. ప్రింటర్ కీచుమంది.

"మరియదాసుగారు ఉన్నారు," అని గట్టిగా చదివింది. "శౌరయ్యగారు లేరు. ఆమోసుగారు లేరు."

"లేకపోవడమేంటి!" శౌరయ్యగారు కాగితం లాక్కున్నారు. కార్యదర్శి అనే మాటను తలుపుమీద పెద్దక్షరాలతో రాయించుకున్న మనిషి. "ఇంత మనిషిని ఇక్కడ నుంచుని ఉంటే, లేనంటుందేంటి?"

కాశీరావు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నేనూ పొద్దుటి నుంచి ఇక్కడే నుంచున్నానండి."

శౌరయ్యగారు కాగితం వంక, కాశీరావు వంక మార్చి మార్చి చూశారు. తర్వాత టపా సంచిలోంచి తన ఉత్తరాన్ని తనే తీసి చించారు. మార్తకు ఆ చప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది.

కొత్త ప్రోగ్రాం నడిచింది. మార్త చదువుతూ పోయింది. కాశీరావు, ఉన్నాడు. పెద్ద కొండయ్య, ఉన్నాడు. నిజంగా లేని పేర్లు కూడా ఒకటి రెండు తేలాయి, అవి ఇద్దరు యజమానుల చంటిపిల్లలవి.

"ఉన్నానాండి?" అని కాశీరావు మళ్ళీ అడిగాడు.

"ఉన్నావు బాబాయ్."

అతను గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మార్త లేచి, యంత్రం మీది ఫ్యానును అతని వైపు తిప్పింది.