ఆ తరువాత ఏం మారింది?

దక్షిణ కొరియాలోని దేజోన్ నగరంలో ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు గొప్పలు చెప్పుకోవడం వస్తే చాలదు. ఓడిపోయిన సంగతి కూడా అందంగా చెప్పుకోవడం రావాలి. ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా ఆ ప్రశ్న ఒకటి తప్పదు: "మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి. ఆ తరువాత ఏం మారింది?" అడిగేవాళ్లు ఎప్పుడైనా దానికి జవాబు చెప్పుకుని చూశారో లేదో మాత్రం ఎవరూ అడగరు.

గిల్ మిన్హా ఆ ప్రశ్న దగ్గరే చాలాసార్లు బోల్తా పడింది. అద్దె గదిలో గోడకెదురుగా కూర్చుని, తన ముఖం తానే ఫోనులో చూసుకుంటూ సాధన చేసేది. గోడ తప్పులు పట్టదు, మెచ్చుకోదు. అమ్మ పోయి చాలాకాలమైంది. ఉల్సాన్‌లో ఉండే నాన్న ఫోనులో "తిన్నావా" అని తప్ప ఇంకోమాట అడగడు. ఈసారి నగరంలోని క్రీడాకేంద్రాలను నడిపే సంస్థలో ఉద్యోగం ఖాళీ పడింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. దీనికోసం మిన్హా ఎన్నడూ చేయని పని చేసింది. అదే ఉద్యోగానికి సిద్ధమవుతున్న మనిషి కోసం ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టింది.

అలా దొరికింది ప్యో సోరా. తనకన్నా మూడు నాలుగేళ్లు పెద్దది. మొదటిరోజే "నన్ను అక్కా అను, ఈ 'గారు'లు మనకెందుకు" అనేసింది. ఇద్దరూ మధ్యాహ్నాలు ఒక కాఫీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, ఒకరు అధికారి, ఒకరు అభ్యర్థి అయ్యేవారు.

సోరా తన వైఫల్యం చెప్పింది. కాలేజీలో బృందం పని, అందులో ఒక సోమరి, వాడిని తాను ఓర్పుగా దారికి తెచ్చిన వైనం.

"అక్కా, ఇందులో ఓడిపోయింది వాడు కదా. నువ్వెక్కడ ఓడిపోయావు?" అంది మిన్హా.

సోరా ముఖం కాస్త మాడింది. "అబ్బో, అధికారి గారికి కోపమొచ్చింది! సరే, నీది చెప్పు మరి."

మిన్హా చెప్పింది. ఈతకొలనులో తాత్కాలిక ఉద్యోగిగా ఉన్నప్పటి సంగతి. శుభ్రం చేయడానికి కొలను మూసే రోజును వెబ్‌సైటులో మాత్రమే పెట్టింది. గడ్డకట్టే చలిలో, పొద్దున్నే నీళ్లలో వ్యాయామం చేసే ముసలమ్మలంతా వచ్చి మూసిన తలుపు ముందు నిలబడ్డారు. "ఆ కంప్యూటర్లో చూసుకోవడం మాకొస్తే, ఇంత చలిలో ఎందుకొస్తాం అమ్మాయ్?" అందట ఒకావిడ. ఆ తరువాత పెద్ద అక్షరాలతో కాగితం బట్టలు మార్చుకునే గదిలో అంటించింది, పెద్దవాళ్లందరికీ తనే ఫోను చేసింది. తరువాతిసారి మూసినప్పుడు ఎవరూ ఊరికే రాలేదు.

చెబుతుంటే మధ్యలో మిన్హా గొంతు పట్టేసింది. ఆ సంగతి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. సోరా కాఫీ తాగడం మానేసి విన్నది. తల ఊపింది, అడిగి అడిగి మళ్లీ చెప్పించుకుంది. ఆ సాయంత్రం మిన్హా బస్సెక్కకుండా నడిచి ఇంటికెళ్లింది. అంత సంతోషం వేసింది పిచ్చిపిల్లకు.

ఎవరిమీదా పక్షపాతం రాకూడదని ఇంటర్వ్యూ రోజున పేర్లుండవు. ఊరు, చదువు ఏదీ చెప్పకూడదు. గుండెమీద నంబరు మాత్రం ఉంటుంది. ముగ్గురేసిని లోపలికి పిలిచారు. సోరా, మిన్హా ఒకే గుంపులో పడ్డారు. సోరాది మొదటి కుర్చీ, మిన్హాది దాని పక్కది, మూడోది ఎవరో తెలియని అబ్బాయిది. "వేర్వేరు గుంపుల్లో వేస్తారనుకున్నామే" అని మిన్హా నవ్వబోయింది. సోరా నవ్వలేదు.

మధ్యలో కూర్చున్న అధికారిణి ఆ ప్రశ్నే వేసింది. సోరా మొదలుపెట్టింది.

"నేనొక వ్యాయామశాలలో పనిచేస్తున్నప్పుడు, మూసే రోజును వెబ్‌సైటులో మాత్రమే పెట్టాను..."

అది మిన్హా కథే. ఈతకొలను వ్యాయామశాల అయింది, అంతే తేడా. ముసలమ్మ మాట కూడా అలాగే వచ్చింది. మిన్హాకు గొంతు పట్టేసిన చోటే సోరా కూడా ఆగింది. ఎంత శ్రద్ధగా విన్నదో!

"వెబ్‌సైటులో మాత్రమే పెట్టాలని ఎవరు నిర్ణయించారు?" అంది అధికారిణి.

"మేము..."

"మీరొక్కరు ఏం చేశారో చెప్పండి."

"నేనే నిర్ణయించాను."

"ఎందుకలా అనుకున్నారు?"

ఈ ప్రశ్నకు జవాబు మిన్హా సోరాకు చెప్పలేదు మరి. "అనుభవం లేక" అంది సోరా మెల్లగా. అధికారిణి ఏదో రాసుకుంది.

"తరువాత, మీరు."

మిన్హాకు ఒళ్లంతా మండిపోయింది. అది నా కథ, ఇదిగో దాని మిగతా సగం, అని ఒక్క మాటంటే చాలు. కానీ నమ్మేదెవరు? అదే కథ మళ్లీ చెబితే కాపీ కొట్టింది తనే అవుతుంది. ఇక మిగిలింది సాధన చేయని, ఎవరికీ చెప్పని ఇంకో ఓటమి.

"పిల్లల ఈత తరగతులకు పేర్లు నమోదు చేసే రోజు కంప్యూటరు ఆగిపోయింది. మేనేజరు పక్క గదిలోనే ఉన్నారు. నేను తలుపు తట్టలేదు. చిత్తు కాగితాల మీద పేర్లు రాసుకుంటూ పోయాను. ముందెవరు వచ్చారో, వెనకెవరో కలగాపులగమైపోయింది. మర్నాడు మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది."

"ఎందుకు తట్టలేదు?"

"చేతకాదనుకుంటారని భయం. అడిగితే చులకనైపోతానని."

"ఆ తరువాత ఏం మారింది?"

"తెలియని చోట ముందే అడగాలని అనుకున్నాను."

"అనుకోవడం సరే. చేసి చూపిన సందర్భం ఒకటి చెప్పండి."

కొలనులో ఆ నెలతోనే ఒప్పందం అయిపోయింది. అక్కడ చూపడానికేమీ లేదు. మిన్హా వెతుక్కుంది. జవాబు ఒక్కటే దొరికింది, అది పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"ఈ ఇంటర్వ్యూకే. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే సాధన చేసి ఓడిపోయాను. ఈసారి సాయం కావాలని అడిగాను. ముక్కూముఖం తెలియని మనిషికి నా తప్పు మొత్తం చెప్పాను."

పక్కన కుర్చీ చిన్నగా కిర్రుమంది.

"దానివల్ల ఏం లాభం కలిగింది?"

మెడ తిప్పితే సోరా కనిపిస్తుంది. తిప్పలేదు.

"ఆవిడ బాగా విన్నారు. లాభమో నష్టమో ఇంకా తేల్చుకోలేదు. కానీ మళ్లీ అవసరం వస్తే మళ్లీ అడుగుతాను."

బయట మెట్ల దగ్గర సోరా వెంటపడి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాది పనికిరాదన్నావు కదే. ఇంకోటి దొరకలేదు... ఎందుకు చెప్పలేదు నువ్వు? చెబితే నన్నక్కడే బయటికి పంపేవాళ్లు."

"సాయం అడిగిన మనిషినే పట్టిచ్చేస్తే, అడగడం నేర్చుకున్నానని చూపించుకోవడానికి నాకేం మిగిలేది అక్కా?" అంది మిన్హా. కోపంగానే అంది. ఆ 'అక్కా' మాత్రం అలవాటుగా వచ్చేసింది.

ఫలితాలు వచ్చిన రోజు మిన్హా పచారీ కొట్టులో, అక్కడే తినేవాళ్లకని వేసిన కిటికీ బల్ల దగ్గర, వేడినీళ్లలో నూడుల్స్ నానడం కోసం కూర్చుని ఉంది. ఫోనులో ఫలితాల పట్టీ తెరిస్తే, ఎంపికైన చోట తన నంబరు కనిపించింది. రెండుసార్లు చూసుకుంది. నాన్నకు చేసింది. "ఆహా. తిన్నావా?" అన్నాడు ఆయన.

ఆ ఉద్యోగం కోసం తను ఏమేం చెప్పుకోవాల్సి వచ్చిందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మిన్హా చాలాసేపు ఫోనులో ఆ పేరు చూస్తూ కూర్చుంది. చివరికి నొక్కింది.

"వచ్చిందా?" అంది సోరా, పలకరింపు కూడా లేకుండా.

"వచ్చింది."

"ఆ ముసలమ్మలకు వానొస్తే పరుగెత్తి గొడుగు పట్టేలా ఉంటావు నువ్వు. నీకే రావాలి" అంది సోరా. గొంతు పట్టేసింది. ఈసారి నేర్చుకున్నది కాదు. ఫోను పెట్టేసింది.

నూడుల్స్ మెత్తబడి ఉబ్బిపోయాయి. మిన్హా వాటినే తిన్నది. చెప్పాల్సినవాళ్లు ఇద్దరే, ఇద్దరికీ చెప్పడం అప్పుడే అయిపోయింది.